డిసెంబరు బహుమతి: వెండి నాణెమా, లడ్డూ డబ్బానా, కొండపల్లి ఎడ్లబండా?

విజయవాడ ఆటోనగర్‌లో మాది అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్. కస్టమర్లు మొత్తం 38 మంది. గుంటూరు మిర్చి ఎగుమతిదారులు, పచ్చళ్ల కంపెనీలు, రెండు ప్రభుత్వ సంస్థలు, మిగతావి చిన్నాచితకా వ్యాపారాలు. డిసెంబరు వచ్చిందంటే ఎవరికి ఏం పంపాలన్నదే మా ఆఫీసులో టెన్షన్.

కొన్నేళ్ల కిందట అందరిలాగే మేమూ వెండి నాణేలు కొన్నాం. చిన్న వెల్వెట్ డబ్బాలో పెట్టి, మాకు ఆర్డర్లు ఇచ్చే పర్చేజ్ మేనేజర్ల ఇళ్లకే కుర్రాడితో పంపాం. వారం తిరక్కుండా ఒకాయన స్వయంగా వచ్చి డబ్బా టేబుల్ మీద పెట్టారు. "ఏమండీ, దీన్ని తీసుకెళ్లి మా ఎండీ గారికి చూపించగలనా నేను? చూపించలేనిది నాకెందుకు పంపారు?" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇంకో కంపెనీ ఏమీ అనలేదు. మూడు నెలలకు వాళ్ల ఆడిట్ నుంచి లెటర్ వచ్చింది, మా ఖాతాలో ఆ నాణేల బిల్లు వివరాలు ఇమ్మని. ఆ ఏడాది మా రేటు నిజంగానే తక్కువ. అయినా ఆర్డరు నాణెం వల్లే వచ్చిందేమోనన్న అనుమానం ఆ మేనేజరుకి అంటుకుంది. పాపం, ఆయనకు ఆ నాణెం మీద ఆశ కూడా లేదు.

ఇప్పుడు ఏది ఎంచుకోవాలన్నా ముందు ఒకటే చూస్తాను. తీసుకునే మనిషి ఖర్చుపెట్టేది తన సొమ్మా, యజమాని సొమ్మా? సొంత కొట్టు నడుపుకునే ఆయనకు మనం ఏది ఇచ్చినా ఆయన మోసం చేయడానికి పైన ఎవరూ లేరు. పర్చేజ్ మేనేజరు వేరొకరి డబ్బుతో కొంటాడు కాబట్టి ఆయన చేతికి వెళ్లే ప్రతి వస్తువూ ఆ నిర్ణయాన్ని తాకుతుంది.

ఈ లెక్కన వెండి నాణెం, గిఫ్ట్ కార్డు రెండూ మొదటే పోయాయి. నాణెం ఏ బంగారు కొట్టులోనైనా డబ్బుగా మారుతుంది. గిఫ్ట్ కార్డు అయితే దాదాపు డబ్బే, పైగా కోడ్ ఒక్కడి ఫోనుకే వెళ్తుంది. "500 రూపాయల కార్డేగా" అంటాడు మా మేనేజరు. అదే విలువకు నలుగురూ తినే స్వీట్లు వస్తాయి, వాటిని ఎవరూ జేబులో వేసుకోలేరు.

ఇక మిగిలిన పోటీ రెండింటి మధ్య: కిలో బందరు లడ్డూ డబ్బా, కొండపల్లి బొమ్మ.

స్వీట్లలో మొదట పూతరేకులు అనుకున్నాం. నోట్లో వేసుకుంటే బాగుంటాయి గానీ ట్రాన్స్‌పోర్టులో పొడైపోతాయి, తేమ తగిలితే మెత్తబడతాయి. బందరు లడ్డూ కుదుపులకు తట్టుకుంటుంది. మాకు కిలో డబ్బా 650 పడింది. దాన్ని మేనేజరు పేరు మీద కాకుండా "మీ ఆఫీసు సిబ్బందికి" అని రాసి పగటిపూట రిసెప్షన్‌లో ఇస్తాం. మధ్యాహ్నానికల్లా అకౌంట్స్ అమ్మాయి నుంచి వాచ్‌మన్ దాకా తలా ఒకటి తింటారు. సాయంత్రానికి ఖాళీ. దాచడానికి ఏమీ మిగలదు, ఎవరికి ఎంత వచ్చిందన్న ప్రశ్నా రాదు. షుగర్ ఉన్నవాళ్లు తిట్టుకుంటారు, నిజమే.

కొండపల్లి బొమ్మ అందం వేరు. విజయవాడకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తెల్లపొణికి కర్రతో, చింతగింజల పిండి జిగురుతో అతికించి, రంగులు వేసి చేసేది. ఏడాదంతా టేబుల్ మీద ఉంటుంది. చిన్న ఎడ్లబండి మాకు 480 పడింది, అంటే లడ్డూ కంటే తక్కువే. దశావతారాల సెట్టు తీసుకోలేదు, మా కస్టమర్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. కష్టం ఏమిటంటే, చేతిపని కాబట్టి ఒకే రకం పదుల సంఖ్యలో కావాలంటే అక్టోబరులోనే చెప్పాలి. ఎద్దుల కొమ్ములు కొరియర్‌లో విరిగిపోతాయి, అందుకే చేత్తో ఇచ్చేంత దూరానికే మంచిది. అసలు సమస్య మాత్రం ఇంకోటి. బొమ్మ ఒక్కటే ఉంటుంది కాబట్టి అది ఆఫీసులో ఉండక ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది.

అందుకని పంపకం ఇలా చేశాం. యజమానే కొనుగోలుదారు అయిన తొమ్మిది మందికి ఎడ్లబండి. మేనేజర్లు కొనే 24 ఆఫీసులకు లడ్డూ. బహుమతులు తీసుకోబోమని వెండర్ ఫారంలోనే రాసిన మూడు కంపెనీలకు నూతన సంవత్సర శుభాకాంక్షల ఉత్తరం మాత్రమే. ఆ ఫారం ఏళ్ల తరబడి ఫైల్లోనే ఉంది, ఎవరూ చదవలేదు.

ప్రభుత్వ సంస్థలు రెండింటికీ గోడ క్యాలెండర్ తప్ప ఏమీ పంపం. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక, పని చేయించుకోవడానికి ప్రభుత్వ ఉద్యోగికి అనుచిత లాభం ఇచ్చినవాడికి ఏడేళ్ల దాకా జైలు పడే వీలుంది. ఇంత లోపు అయితే ఫర్వాలేదని చట్టంలో కనీస మొత్తమేదీ లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకు అధికారి కూడా ఈ లెక్కలోకే వస్తారు, మనం ఆయన్ని కేవలం బ్యాంకాయన అనుకున్నా సరే. లడ్డూ డబ్బా లంచం కాదు గానీ, మా బిల్లు ఆయన టేబుల్ మీద ఉన్న రోజున అది వెళ్తే ఏమిటో చెప్పడం కష్టం.

ఆ టైమింగే ప్రైవేటు వాళ్ల విషయంలోనూ చూసుకోవాలి. మాకు మిర్చి కంపెనీలతో పెట్టెల రేటు ఖరారయ్యేది కొత్త కాయ యార్డుకు వచ్చే ముందు, అంటే సరిగ్గా డిసెంబరు చివర్లో. ఆ వారంలో ఏది పంపినా రేటు కోసమే అనిపిస్తుంది. అందుకని ఆ కంపెనీలకు డబ్బాలు ఆపి, రేటు తేలాక సంక్రాంతికి పంపాం. ఒకచోట ఆర్డరు మాకు రాలేదు, అక్కడికీ అదే డబ్బా వెళ్లింది.

ఖర్చు లెక్క మా అకౌంటెంటు ఒక్క కాగితం మీద రాశాడు: తొమ్మిది బొమ్మలు 4,320, డబ్బాలు 15,600. బహుమతిగా ఇచ్చే సరుకు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కాబట్టి దాన్నీ ఖర్చులోనే వేశాడు. 2022 జులై నుంచి, మనలాంటి వ్యాపారం టర్నోవర్ కోటి దాటి ఉంటే, ఒక్కరికే ఏడాదిలో 20,000 దాటి బహుమతులిస్తే 10 శాతం టీడీఎస్ కట్టాలి. మా లడ్డూలు ఆ గీతకు ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఎవరికి, ఎప్పుడు, ఏ విలువది ఇచ్చామో మాత్రం రిజిస్టరులో పెట్టించాను. మళ్లీ ఆడిట్ లెటర్ వస్తే ఆ పేజీ జిరాక్స్ తీసి పంపితే సరిపోతుంది.

నాణెం తిరిగిచ్చిన ఆయన ఆఫీసుకు ఈసారి లడ్డూలే వెళ్లాయి. సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. "మా ఎండీ గారు రెండు తిన్నారండీ" అన్నారు.