పన్నెండేళ్ళ తర్వాత మా సన్‌షేడ్లు: వాటర్ డ్రిప్ ఉన్నవీ, లేనివీ

మాది కోనసీమ, అమలాపురం దగ్గర ఊరు. ఇల్లు 2013లో కట్టాం. కిటికీలన్నిటికీ రెండడుగుల సన్‌షేడే, కానీ తూర్పు వైపు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రి షేడు అడుగున, నీళ్ళు అంచు దగ్గరే కింద పడేలా, వాటర్ డ్రిప్ గాడి తీశాడు, పడమర వైపు చేసినాయన మాత్రం "రెండడుగులు ఉండగా గాడి ఎందుకండీ" అని నున్నగా పూసేశాడు, మేమూ ఊరుకున్నాం.

మూడో ఏటికే పడమటి గదిలో కిటికీ పైనుండే లింటల్ దూలం వెంబడి చెమ్మ గీత మొదలైంది, లప్పం పొక్కులొచ్చి రాలింది. షేడు గోడని కలిసే చోట కారుతుందేమో అనుకుని పైన రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాం, డబ్బులు పోయాయి గానీ చెమ్మ పోలేదు. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను మా కాట్రేనికోన వైపే తీరం దాటింది కదా, అది వెళ్ళాక ముసురులో బయట నిలబడి షేడు అడుగు చూశాను. అంచు మీంచి వచ్చిన నీళ్ళు కింద పడట్లేదు, అడుగుకి అంటుకుని గోడ దాకా పాకి, లింటల్‌కీ ఇటుకకీ మధ్యనున్న సన్న పగులులోకి పోతున్నాయి. మీ ఇంట్లో చూడాలంటే ఎండ రోజున షేడు మీద నెమ్మదిగా బకెట్ నీళ్ళు పోసి కింద నుంచి చూడండి, చాలు.

2019లో బాగు చేయించాం. కటింగ్ మిషన్‌తో గాడి కోస్తానన్నారు, నేను వద్దన్నాను, ఎందుకంటే షేడు అంచు పల్చన, లోపల చువ్వ తేలిందంటే మా ఉప్పు గాలికి తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి. పాత పూత చెక్కించి, అంచుకి అంగుళం లోపల అర అంగుళం బద్ద పెట్టి కొత్తగా పూసి, సిమెంటు గట్టిపడకముందే బద్ద లాగేశారు. గాడి ముందూ, రెండు పక్కలా ఉండాలి, కానీ పక్క గాడి గోడకి రెండంగుళాల ముందే ఆపెయ్యాలి, లేకపోతే ఆ గాడే కాలవలా నీళ్ళని గోడకి చేరుస్తుంది. ఇది మాత్రం దగ్గరుండి చూసుకోండి.

కిటికీ అడుగున పరిచే సిల్ రాయి కూడా మార్చాం. పాతది మట్టంగా, గోడతో సమానంగా ఉండేది, నీళ్ళు రాయి కిందకి దిగి కిటికీ కింద గోడ నానేది. ఇప్పుడు బయటికి అర అంగుళం వాలు, గోడ దాటి అంగుళంన్నర ముందుకి, ఆ ముక్కు అడుగున ఇలాంటి గాడే. రాయి చివర్లు రెండూ పక్క ప్లాస్టర్ లోపలికి దూరాలి, మాకు ఒక కిటికీకి పొట్టి రాయి వేశారు, ఆ మూల మాత్రం ఇప్పటికీ తడుస్తుంది.

తుఫాను గాలికి అడ్డంగా కొట్టే జల్లుని ఇవేవీ ఆపవు, అది కిటికీ రెక్కల సందుల్లోంచి వచ్చేస్తుంది, అప్పుడు గుడ్డలు కుక్కడమే. మామూలు వానలకి మాత్రం లింటల్ గీత మళ్ళీ రాలేదు.