దాళ్వా అమ్మకాల మొత్తం: ఫిల్టరా, పివట్ టేబులా, SUMIFS ఫార్ములానా, ఏది మేలు?

గోదావరి డెల్టాలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపేవాళ్లకి లెక్కల సంవత్సరం ఒకటి, పంటల సంవత్సరం ఇంకొకటి. ఆడిటరు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా చూస్తారు. కాలువ నీళ్ల మీద వరి పండే ఊళ్లలో సరుకు కదిలేది మాత్రం ఏడాదిలో మొదటి పంట సార్వా, రెండో పంట దాళ్వాలను బట్టే. దాళ్వా డిసెంబరులో ఊపందుకుని ఏప్రిల్ కోతలతో ముగుస్తుంది కాబట్టి డిసెంబరు 31నీ దాటుతుంది, మార్చి 31నీ దాటుతుంది. అందుకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే నెలవారీ, సంవత్సరవారీ రిపోర్టుల్లో దాళ్వా లెక్క ఎక్కడా ఒక్కచోట కనిపించదు.

కానీ షాపు యజమాని అడిగేది అదే. "మొన్న దాళ్వాకి పురుగుమందులు ఎంత అమ్మేమండీ?" సుడిదోమకీ కాండం తొలిచే పురుగుకీ ఎంత సరుకు తెప్పించాలో ఈ మొత్తాన్ని చూసే తేలుస్తారు. తక్కువ తెస్తే రైతు పక్క షాపుకి పోతాడు. ఎక్కువ తెస్తే సీసాల మీద గడువు తేదీ దగ్గరపడుతుంది.

ఈ ఒక్క ప్రశ్నకి ఎక్సెల్‌లో మూడు దారులున్నాయి. నా తీర్పు ముందే చెబుతాను: ప్రతి పంట కారుకీ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న కాబట్టి SUMIFS మేలు. అయితే దాన్ని ఒంటరిగా నమ్మకూడదు, మొదటిసారి ఫిల్టర్‌తో సరిచూసుకోవాలి. ఎందుకో ఒక చిన్న పట్టిక మీద చూద్దాం. ఇందులో అంకెలు ఉదాహరణకి రాసినవి. A నిలువు వరుసలో తేదీ, Bలో రకం, Cలో బిల్లు నంబరు, Dలో మొత్తం ఉన్నాయనుకోండి.

| తేదీ | రకం | బిల్లు | మొత్తం రూ. |
|---|---|---|---|
| 28-11-2024 | పురుగుమందులు | 411 | 4,200 |
| 05-12-2024 | పురుగుమందులు | 436 | 6,500 |
| 12-12-2024 | ఎరువులు | 458 | 13,300 |
| 10-01-2025 | పురుగుమందులు | 530 | 8,400 |
| 22-02-2025 | పురుగుమందులు | 617 | 11,250 |
| 22-02-2025 | కలుపుమందులు | 618 | 3,600 |
| 15-04-2025 18:40 | పురుగుమందులు | 702 | 2,750 |
| 20-04-2025 | పురుగుమందులు | 709 | 1,900 |

యజమాని దృష్టిలో దాళ్వా అంటే 2024 డిసెంబరు 1 నుంచి 2025 ఏప్రిల్ 15 దాకా. ఆ లోపల పురుగుమందుల బిల్లులు నాలుగు. 6,500, 8,400, 11,250, 2,750 కలిపితే 28,900. ఏ పద్ధతైనా ఈ అంకె దగ్గరికే రావాలి.

ఫిల్టర్

షాపుల్లో ఎక్కువమంది చేసేది ఇదే. రకం దగ్గర పురుగుమందులు అని టిక్ పెట్టి, తేదీ దగ్గర కావాల్సిన రోజులు ఎంచుకుంటారు. మిగిలిన వరుసలు మాయమై, కావాల్సిన బిల్లులు కళ్లెదుట నిలుస్తాయి. దీని బలం కూడా అదే. మొత్తంలో ఏ బిల్లు చేరిందో, ఏది చేరలేదో చూపించి చెప్పొచ్చు.

ఒక్క జాగ్రత్త. పట్టిక కింద మామూలు SUM పెట్టి ఉంటే ఫిల్టర్ చేసినా అది మారదు, దాగిన వరుసల్ని కూడా కలుపుతూనే ఉంటుంది. అక్కడ ఇది ఉండాలి:

```
=SUBTOTAL(109,D2:D9)
```

ఇది కనిపించే వరుసల్నే కూడుతుంది. ఇక ఫిల్టర్‌కున్న లోటు ఏమిటంటే, జవాబు ఎక్కడా నిలవదు. ఎవరైనా ఫిల్టర్ తీసేస్తే అంకె పోతుంది. పోయిన దాళ్వా, అంతకుముందు దాళ్వా పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒక్కొక్కటీ చేసి కాగితం మీద రాసుకోవాల్సిందే.

పివట్ టేబుల్

అన్ని రకాలూ అన్ని నెలలకీ ఒకేసారి పరిచి చూడాలంటే దీనికి సాటి లేదు. కానీ మన ప్రశ్నకి ఇది సరిగ్గా అతకదు. తేదీల్ని నెలలుగా గుంపు చేస్తే ఏప్రిల్ మొత్తం ఒక్క ముద్దగా వస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కూడితే 20వ తేదీ బిల్లు కూడా చేరి 30,800 అవుతుంది. నెలల్ని మాత్రమే ఎంచుకుని సంవత్సరాల్ని ఎంచుకోకపోతే ఇంకా ప్రమాదం. మూడు నాలుగేళ్ల పట్టికలో అన్ని డిసెంబర్లూ ఒకే డిసెంబరులో కలిసిపోతాయి.

టైమ్‌లైన్ పెట్టి రోజుల లెక్కన డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా జరుపుకోవచ్చు, ఎక్సెల్ 2013 నుంచి ఆ సౌకర్యం ఉంది. అయినా కొత్త బిల్లులు చేరాక Refresh నొక్కకపోతే పాత అంకే నిలబడి ఉంటుంది. సాయంత్రం హడావిడిలో ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

SUMIFS

ఎక్సెల్ 2007లో వచ్చిన ఫార్ములా ఇది. G1లో రకం, G2లో మొదటి తేదీ, G3లో చివరి తేదీ రాసి, G4లో ఇలా పెడతాం:

```
=SUMIFS(D:D,B:B,G1,A:A,">="&G2,A:A,"<"&G3+1)
```

మొదట రాసేది కూడాల్సిన నిలువు వరుస. పాత SUMIF అలవాటున్నవాళ్లు దాన్ని చివర పెట్టేస్తుంటారు, ఇక్కడ ముందే రావాలి. ఆ తర్వాత షరతులు జతలు జతలుగా వస్తాయి: ఎక్కడ చూడాలి, ఏమి చూడాలి. తేదీకి కింది హద్దు ఒకటి, పై హద్దు ఒకటి కాబట్టి A వరుస రెండుసార్లు వస్తుంది. అన్ని షరతులూ నెరవేరిన వరుసలే మొత్తంలో చేరతాయి.

కొటేషన్ గుర్తుల లోపల పోలిక గుర్తు మాత్రమే ఉండాలి, గడి పేరు బయట ఉండాలి, మధ్యలో & రావాలి. ">=G2" అని అంతా లోపలే రాస్తే ఎక్సెల్ G2 గడిలోకి వెళ్లి చూడదు. ఆ అక్షరాలతోనే పోల్చుకుని 0 ఇస్తుంది.

ఇక ఆ చివర +1 ఎందుకు? ఎక్సెల్ తేదీని ఒక అంకెగా దాచుకుంటుంది. 2025 ఏప్రిల్ 15 అంటే 45762. బిల్లులో సమయం కూడా ఉంటే ఆ అంకె పక్కన భిన్నం చేరుతుంది, సాయంత్రం 6:40 అంటే దాదాపు 45762.78. మనం "<="&G3 అని రాస్తే హద్దు 45762 దగ్గరే ఆగిపోతుంది. చివరి రోజు బిల్లు జారిపోయి 26,150 వస్తుంది. "మర్నాటి కంటే తక్కువ" అని అడిగితే ఆ రోజంతా లోపలికి వస్తుంది, 28,900 తేలుతుంది. ఫిల్టర్‌లో Between వాడినా ఇదే పొరపాటు జరుగుతుంది. అక్కడ రోజుల జాబితాలో టిక్‌లు పెడితే జరగదు.

రకం పేరు దగ్గర కూడా పట్టింపు ఎక్కువ. ఒక బిల్లులో "పురుగుమందులు" అనీ, ఇంకో బిల్లులో మధ్యలో ఖాళీ ఇచ్చి "పురుగు మందులు" అనీ కొడితే రెండోది చేరదు. "పురుగు*" అని రాస్తే రెండూ చేరతాయి. అలాగని "*మందులు" అని రాస్తే కలుపుమందులు కూడా వచ్చిపడి 32,500 అవుతుంది. నక్షత్రం గుర్తుతో సర్దుకోవడం కంటే రకం దగ్గర డ్రాప్‌డౌన్ జాబితా పెట్టి, అందరూ అందులోంచే ఎంచుకునేలా చేయడం మంచిది.

తేదీలు తప్పైతే ఎవరు చెబుతారు?

నా దృష్టిలో మూడింటి మధ్యా అసలు తేడా ఇక్కడుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి CSV ఫైలు తీసి, అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అని సెట్ చేసి ఉన్న కంప్యూటర్‌లో నేరుగా తెరిచామనుకోండి. 22-02-2025లో 22వ నెల లేదు కాబట్టి అది తేదీగా మారక ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. 05-12-2024 మే 12గా మారిపోతుంది. 10-01-2025 అక్టోబరు 1కి పోతుంది.

మన పట్టికలో ఆ దెబ్బకి SUMIFS జవాబు 0. సున్నా వచ్చింది కాబట్టి ఎవరైనా అనుమానిస్తారు. వేల బిల్లులున్న పట్టికలో మాత్రం సున్నా రాదు. ఫిబ్రవరి 3న రాసిన బిల్లు మార్చి 2గా మారినా దాళ్వా లోపలే ఉంటుంది కదా. అలాంటివి కొన్ని కలిసి నమ్మదగ్గట్టుగా కనిపించే ఒక తక్కువ అంకె వస్తుంది. SUMIFS అక్షరాలుగా మిగిలిన తేదీల్ని ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది.

పివట్ టేబుల్ అలా ఊరుకోదు. తేదీల మధ్య అక్షరాలుంటే నెలలుగా గుంపు చేయబోయినప్పుడు "Cannot group that selection" అని మొరాయిస్తుంది. ఫిల్టర్ ఇంకా బాగా పట్టిస్తుంది. తేదీ దగ్గర బాణం నొక్కితే నిజమైన తేదీలు సంవత్సరాల కింద సర్దుకుని ఉంటాయి, అక్షరాలుగా మిగిలినవి వాటి కింద విడివిడిగా కనిపిస్తాయి. ఫార్ములాతోనే తేల్చుకోవాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టండి:

```
=COUNT(A:A)
=COUNTA(A:A)-1
```

మొదటిది అంకెలుగా ఉన్న తేదీల్ని లెక్కపెడుతుంది, రెండోది శీర్షిక తీసేసి నిండిన గడులన్నిటినీ. రెండూ సమానంగా రావాలి. పైన చెప్పినట్టు చెడిపోయిన మన పట్టికలో 3, 8 అని వస్తాయి.

అప్పుడు ఆ షీటులోనే తేదీలు దిద్దుకుంటూ కూర్చోవద్దు. అక్షరాలుగా మిగిలినవి కంటికి కనిపిస్తాయి గానీ, తారుమారైన తేదీలు మామూలు తేదీల్లాగే ఉంటాయి. CSV ఫైలుని Dataలో From Text/CSV ద్వారా మళ్లీ తెప్పించాలి. Transform Data నొక్కి, తేదీ వరుసకి Change Typeలో Using Locale ఎంచుకుని, Date/Time, English (India) అని చెప్పాలి. దానంతట అదే పెట్టుకున్న Changed Type అనే మెట్టు అక్కడ ఉంటే ముందు దాన్ని తీసేయాలి, లేకపోతే తప్పు మీదే సవరణ జరుగుతుంది.

తేదీలు ఇలా కుదిరాక SUMIFS హాయిగా పనిచేస్తుంది. G వరుసలో పోయిన దాళ్వా, పక్కన Hలో అంతకుముందు దాళ్వా హద్దులు పెట్టి, H4లో అదే ఫార్ములాకి H1, H2, H3 గడులు ఇస్తే రెండు కారులూ పక్కపక్కన నిలుస్తాయి. షీటులో కొత్త బిల్లు పడగానే మొత్తం తనంతట తానే మారుతుంది.

ఇది వద్దనే సందర్భం ఒకటుంది. బిల్లుల పట్టిక వేరే ఫైలులో ఉండి, ఆ ఫైలు మూసి ఉండగా లెక్క సరిచేయించబోతే SUMIFS #VALUE! చూపిస్తుంది. ఆ ఫైలు తెరిచి ఉంచాలి, లేదంటే SUMPRODUCT వాడుకోవాలి. SUMPRODUCTకి నిలువు వరుస మొత్తం ఇస్తే బాగా నెమ్మదిస్తుంది కాబట్టి, అక్కడ మాత్రం A2:A5000 లాగా హద్దులు రాయాలి.