టాఫ్ ముందా, సిగ్‌మెట్ ముందా?

యలహంకలో గదులు తీసుకుని, విమానాలకు దారి, ఇంధనం ప్లాన్ చేసే డిస్పాచర్ పరీక్షకు చదివే మన కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: “అన్నా, వెదర్ పేపర్లలో ముందు టాఫ్ చూడాలా, సిగ్‌మెట్ చూడాలా?” రెండూ చదవాల్సిందే, అందులో మాట లేదు. కానీ దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలన్నది విమానం ఎటు వెళ్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

టాఫ్ ఒక విమానాశ్రయానికి ఇచ్చే వాతావరణ సూచన. దాని చూపు ఎయిర్‌పోర్టు చుట్టూ సుమారు 8 కిలోమీటర్లు దాటదు. సిగ్‌మెట్ దారిలోని ప్రమాదం గురించి హెచ్చరిస్తుంది, అదీ ఒక ఎఫ్ఐఆర్ మొత్తానికి. ఎఫ్ఐఆర్ అంటే ఇక్కడ పోలీసు కాగితం కాదు, ఒక కేంద్రం చూసుకునే గగనతలం. బెంగళూరుకు విడిగా ఎఫ్ఐఆర్ లేదు, చెన్నై కిందికే వస్తుంది.

మే నెలలో సాయంత్రం చెన్నై నుంచి బెంగళూరుకు వెళ్లే విమానమైతే నా ఓటు టాఫ్‌కే. అందులో `TEMPO 1310/1314 3000 TSRA` అని ఉందనుకోండి. ఈ కాగితాల్లో టైం యూటీసీలో ఉంటుంది, దాన్నే Z అని రాస్తారు. 13వ తేదీ 10Z నుంచి 14Z దాకా, అంటే మన టైం ప్రకారం మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా ఉరుముల వాన వచ్చిపోతుంటుందని, అప్పుడు విజిబిలిటీ 3000 మీటర్లకు పడుతుందని అర్థం. వచ్చిన ప్రతిసారీ గంటలోపే తగ్గుతుంది, అన్నీ కలిపినా ఆ నాలుగు గంటల్లో సగానికి మించదు. కాబట్టి కాసేపు గాల్లో తిరగడానికి సరిపడా ఇంధనం వేసుకుంటే చాలావరకు గట్టెక్కుతాం. ఇక్కడ సిగ్‌మెట్ ఏమీ చెప్పకపోవచ్చు. అక్కడొకటి ఇక్కడొకటి లేచే ఉరుము మబ్బులకు సిగ్‌మెట్ ఇవ్వరు. అవి దట్టంగా వ్యాపించినా, మామూలు మేఘాల్లో దాక్కున్నా, వరుస కట్టినా ఇస్తారు.

బెంగళూరు నుంచి బాలికి అనండి, లెక్క తిరగబడుతుంది. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలోని లెవొతోబి అగ్నిపర్వతం పేలినప్పుడు బాలికి బోలెడన్ని విమానాలు రద్దయ్యాయి. అలాంటి రోజు వచ్చే కాగితాలు ఎలా ఉంటాయో చూపడానికి ఈ రెండూ నేను కల్పించి రాసినవి:

```
TAF WADD 130500Z 1306/1412 12008KT 9999 FEW018=

WAAF SIGMET 05 VALID 130610/131200 WAAA-
WAAF UJUNG PANDANG FIR VA ERUPTION MT LEWOTOBI
VA CLD OBS AT 0550Z WI S0830 E12245 - S0730 E11800
- S0930 E11800 - S0830 E12245 SFC/FL300 MOV W 15KT NC=
```

బాలి టాఫ్ చూస్తే హాయిగా దిగొచ్చనిపిస్తుంది: 10 కిలోమీటర్ల పైన విజిబిలిటీ, పల్చటి మబ్బు. బూడిద ఎయిర్‌పోర్టు దాకా వస్తుందని అంచనా వేస్తేనే టాఫ్‌లో `VA` కనిపిస్తుంది. సిగ్‌మెట్ మాత్రం నేల నుంచి 30,000 అడుగుల దాకా బూడిద ఉందని, 15 నాట్ల వేగంతో పడమటికి, అంటే బాలి వైపే కదులుతోందని చెబుతోంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. బూడిద పడమటి అంచు E118 రేఖాంశం దగ్గర, బాలి E115°10′ దగ్గర. మధ్య దూరం సుమారు 168 నాటికల్ మైళ్లు. 15 నాట్లతో వస్తే పదకొండు గంటలు, బూడిదను చూసిన 0550Z నుంచి లెక్కిస్తే 17Z ప్రాంతంలో బాలి చేరుతుంది. మన విమానం 06Zకి బయల్దేరి, ఆరున్నర గంటలు ఎగిరి 1230Zకి దిగుతుంది. అప్పటికి బూడిద ఇంకా 68 మైళ్ల దూరంలో ఉంటుంది. దిగడం కుదురుతుంది. కానీ దిగాక నాలుగున్నర గంటల్లోపు తిరిగి బయల్దేరకపోతే విమానం అక్కడే చిక్కుకుంటుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది, ఈ సిగ్‌మెట్ గడువు 12Zకే తీరిపోతోంది. బూడిద సిగ్‌మెట్ ఆరు గంటలకు మించి చెల్లదు. దిగే సమయానికి ఏమవుతుందో అది చెప్పనే లేదు.

అందుకే ఈ దారిలో టాఫ్‌కన్నా సిగ్‌మెట్ మేలు, సిగ్‌మెట్‌కన్నా ఆస్ట్రేలియాలోని డార్విన్ బూడిద కేంద్రం ఇచ్చే అడ్వైజరీ మేలు అంటాను. అందులో 6, 12, 18 గంటల తర్వాత బూడిద ఎక్కడుంటుందో ముందే గీసి ఇస్తారు. గాలి ఒక్కో ఎత్తులో ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి మనం వేసిన కూడికల కన్నా ఆ బొమ్మే నమ్మదగినది.

“రాడార్‌లో చూసి తప్పుకుంటాం కదా” అని కొందరంటారు. కుదరదు. విమానంలోని వెదర్ రాడార్ నీటి చుక్కల్ని పడుతుంది, పొడిగా ఉండే సన్నటి బూడిదను పట్టదు. 1982 జూన్ 24 రాత్రి జావా దగ్గర గలుంగుంగ్ బూడిదలోకి వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747కి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. లోపలి వేడికి బూడిద కరిగి, టర్బైన్ రెక్కలకు గాజులా అంటుకుంటుంది. బాగా కిందికి దిగాకే అవి మళ్లీ అందుకున్నాయి.

బాలికి వెళ్లడమే ఖాయమైతే, అక్కడ దిగడం కుదరనప్పుడు వెళ్లే ఆల్టర్నేట్‌గా లోంబోక్ పెట్టకండి. దగ్గరే, నిజమే, కానీ అది బూడిద వచ్చే తూర్పు వైపుంది. ఇంధనం కాస్త ఎక్కువైనా పడమటనున్న సురబయ పెట్టి, దాని టాఫ్ తీయండి.