మూడు పీరియడ్ ప్యాంటీలు 349 రూపాయలకే అంటే ఆగండి: మధ్యలో గుడ్డ ఉందో లేదో ముందు చూడండి

అనంతపురం, కర్నూలు, కడప వైపు అక్కాచెల్లెళ్లకు ఒక హెచ్చరిక. ఫోన్లో "పీరియడ్ ప్యాంటీ, లీక్ ప్రూఫ్, మూడింటి ప్యాకు 349" అని చూసి, ఇక ప్యాడ్ పని లేదనుకుని ఆర్డర్ పెట్టొద్దు. అనంతపురానికి వచ్చిన అలాంటి ప్యాకెట్ ఒకటి విప్పి, అందులో ఒకదాన్ని కుట్టు పొడుగునా కత్తిరించి చూశాం. ఏం కనపడిందో వివరంగా రాస్తున్నాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు పది పేర్లతో తిరుగుతోంది.

అసలైన పీరియడ్ ప్యాంటీలో కాళ్ల మధ్య భాగంలో నాలుగు పొరలుంటాయి. ఒంటికి తగిలేది తడిని కిందికి దించే మెత్తటి పొర. దాని కింద పీల్చుకునే గుడ్డ, తుండుగుడ్డలాగా పోగులు లేచి ఉంటుంది, ఒకటో రెండో మడతలు. ఆ కింద తడి దాటనివ్వకుండా పీయూ అనే ప్లాస్టిక్ పూత వేసిన పలుచని గుడ్డ. చివరగా బయటి గుడ్డ. మేం కత్తిరించినదాంట్లో పైన కాటన్, కింద పీయూ పూత గుడ్డ, బయటి గుడ్డ, అంతే. పీల్చుకోవాల్సిన రెండో పొర అసలు లేనే లేదు.

దాన్ని దగ్గుమందు మూతతో పరీక్షించాం. ఆ మూత మీద 5 మిల్లీలీటర్ల గీత ఉంటుంది. నెత్తురు నీళ్లకంటే చిక్కన కాబట్టి నీళ్లు కాకుండా చల్లారిన పలుచటి గంజి తీసుకున్నాం. ప్యాంటీ కింద టిష్యూ పేపరు పరిచి, మధ్యలో 5 మిల్లీలీటర్లు మెల్లగా పోశాం. పై కాటన్ కొంచెం తాగింది. మిగిలినది కిందికి పోయే దారి లేక పక్కలకు పాకి, నిమిషం లోపే తొడ దగ్గరి ఎలాస్టిక్ దాటి బయటికొచ్చింది. మధ్యలో కింద పరిచిన టిష్యూ మాత్రం పొడిగానే ఉంది. అంటే "లీక్ ప్రూఫ్" అన్నది అబద్ధమేమీ కాదు. అడుగు నుంచి కారదు, పక్కల నుంచి కారుతుంది. చీర మీద మరకకు అడుగేమిటి, పక్కేమిటి?

ఆ అమ్మకం పేజీలో చివరన, చిన్న అక్షరాల్లో "ప్యాడ్‌తో కలిపి వాడాలి" అని ఉంది. ప్యాడ్ పక్కకు జరిగితే బట్టలు పాడవకుండా కాపాడే చెడ్డీ అది, ఆ పనికి బాగానే పనికొస్తుంది కూడా. దాన్నీ అసలు పీరియడ్ ప్యాంటీనీ ఒకే పేరుతో అమ్మడమే చిక్కు. డైపర్‌లాగా ఒకసారి వేసుకుని పారేసేదాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తున్నారు. లోపలి బట్టలు విప్పాక సాధారణంగా వాపసు తీసుకోరు కాబట్టి తేల్చుకోవాల్సింది డబ్బు కట్టకముందే.

అంగట్లో అయితే చేత్తో తెలిసిపోతుంది. కాళ్ల మధ్య భాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నలపండి. లోపల ఇంకో మందమైన గుడ్డ జారుతున్నట్టు తగలాలి. రెండు పల్చటి పొరలే తగిలి, కవరులాగా గరగరమంటే అది ప్యాడ్‌కు తోడుగా వేసుకునేదే. ఆ లోపలి భాగం వెనక నడుము దాకా వచ్చిందో లేదో కూడా చూడండి. వెల్లకిలా పడుకుంటే తడి వెనక్కే పోతుంది, జానెడు పొడవుండి ఆగిపోయిన పొర రాత్రికి చాలదు. ఆన్‌లైన్లో అయితే "పీల్చుకునే పొర" గురించి, అది ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో రాశారా అని వెతకండి. "లీక్ ప్రూఫ్", "స్టెయిన్ ఫ్రీ" అన్న మాటలొక్కటే ఉంటే వదిలేయండి. ఉతికి వాడే ప్యాడ్లకు, పీరియడ్ ప్యాంటీలకు మన దేశంలో ఐఎస్ 17514 అనే ప్రమాణం 2021లో వచ్చింది, ఆ నంబరు అట్ట మీద ఉంటే మంచిది.

మంచిది కొన్నా అది ప్యాడ్‌తో సమానం కాదు. అట్ట మీది మిల్లీలీటర్ల లెక్క చాలాసార్లు నీళ్లతోనో ఉప్పు నీళ్లతోనో కొలిచిందే ఉంటుంది. 2023లో అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు గడువు దాటిన దాతల రక్తంతో కొలిచి చూశారు. ప్యాడ్లు, ఒంటి లోపల పెట్టుకునే ట్యాంపన్లు, కప్పులు సుమారు 20 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టాయి. వాళ్లు పరీక్షించిన పీరియడ్ ప్యాంటీ మాత్రం దాదాపు 2 మిల్లీలీటర్లే. ఒంట్లోంచి నెమ్మదిగా వచ్చేదానికి, ఒక్కసారి పోసేదానికి తేడా ఉంటుందనుకున్నా, దూరం పెద్దదే. కారణం లోపలి సరుకులో ఉంది. ప్యాడ్‌లో తడి తగిలితే జెల్‌గా మారే పొడి ఉంటుంది, మీద కూర్చున్నా తడిని వదలదు. గుడ్డ అలా కాదు, నొక్కితే వదిలేస్తుంది. అనంతపురం నుంచి హైదరాబాద్ రాత్రి బస్సులో ఆరేడు గంటలు ఒకే సీట్లో కూర్చుంటే, నిలబడి పనిచేసేప్పుడు ఆగిన ప్యాంటీ కూడా తొడ అంచున తడి చూపిస్తుంది.

కాబట్టి ఎక్కువగా పోయే మొదటి రెండు రోజులు ప్యాడే వేసుకోండి, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చండి. పీరియడ్ ప్యాంటీ మూడో రోజు నుంచి, లేదా ఈరోజో రేపో వస్తుందనిపించే రోజుల్లో, లేదా రాత్రి ప్యాడ్‌కు తోడుగా. ప్యాడ్ పైపొర ఒరుసుకుని తొడలు ఎర్రబడేవాళ్లకు, తక్కువ పోయేవాళ్లకు ఇది హాయి. బయట మార్చుకోవాల్సి వస్తే చుడీదార్ మొత్తం విప్పాలి, తడిసినదాన్ని సంచిలో పెట్టుకుని తిరగాలి. సెనక్కాయ చేలో పొద్దంతా కలుపు తీసేవాళ్లకు, బస్టాండు మరుగుదొడ్డే గతి అయినవాళ్లకు ఇది సరిపడదు. హాస్టల్లో ఆరేసుకునే చోటు లేని పిల్లలకూ వద్దు. కాన్పు అయిన కొత్తలో అయితే ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. ఇక గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతుంటే ఏది కొనాలన్నది కాదు ప్రశ్న, డాక్టరమ్మకు చూపించుకోవాలి.

చెడ్డీలో అంటించుకునే పలుచటి పట్టీ, ప్యాంటీ లైనర్, దాని సంగతి చిన్నదే. చిన్న ప్యాడ్ అడిగితే మెడికల్ షాపువాళ్లు దీన్ని చేతిలో పెట్టడం ఉంది, రంగు కవరు చూసి మోసపోవద్దు. తెల్లబట్ట, చివరి రోజు చుక్కలు, కప్పు వాడేటప్పుడు తోడు, వీటికి మటుకే అది. నెలసరికి సరిపోదు. దగ్గితే తుమ్మితే మూత్రం చుక్క పడేవాళ్లకూ సరిపోదు, దానికి వేరే ప్యాడ్లున్నాయి. ఏప్రిల్, మే ఎండల్లో రోజంతా ప్లాస్టిక్ అడుగున్న లైనర్ వేసుకుంటే చెమటకు దురద మొదలవుతుంది. వాసన కలిపినవి అయితే ఇంకా తొందరగా. తెల్లబట్టకు దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టు ఉండడం తోడైతే లైనర్‌తో కప్పిపెట్టకండి.

ఇప్పుడు ఉతకడం. డబ్బు పెట్టి మంచిది కొన్నవాళ్లు కూడా పోగొట్టుకునేది ఇక్కడే.

విప్పిన వెంటనే చల్లనీళ్లలో లోపలి వైపు పైకి తిప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా చేత్తో నొక్కుతూ కడగాలి. వేడినీళ్లు తగిలితే నెత్తురులోని మాంసకృత్తులు గుడ్డకు పట్టేసి మరక ఉండిపోతుంది. మన దగ్గర ఎండకాలం మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, కుళాయి తిప్పి "చన్నీళ్లే కదా" అనుకోవద్దు. పొద్దున్నే ఒక బకెట్టు పట్టి నీడలో పెట్టుకోండి. తర్వాత అర బకెట్టు నీళ్లలో, బిళ్ల సబ్బు కాకుండా, బట్టలు ఉతికే లిక్విడ్ ఒక టీస్పూను కలిపి అరగంట నానబెట్టి, చేత్తో ఉతికి, జారు పోయేదాకా జాడించండి. రాత్రంతా నాననివ్వకండి. మిషన్లో వేస్తే వల సంచిలో, చల్లనీళ్లతో.

బిళ్ల సబ్బు ఎందుకు వద్దంటున్నామంటే, మన బోరు నీళ్లు గడ్డు నీళ్లు. సబ్బు ఆ నీళ్లలోని సున్నంతో కలిసి తెల్లటి జిడ్డులాగా పోగుల మధ్య పేరుకుంటుంది. నాలుగైదు నెలలకు గుడ్డ పీల్చడం మానేస్తుంది, మనమేమో కంపెనీని తిట్టుకుంటాం. తెలుసుకోవాలంటే ఎండిన ప్యాంటీ లోపలి భాగం మీద ఒక చుక్క నీళ్లు వేయండి. వెంటనే ఇంకితే బాగున్నట్టు. తామరాకు మీద బొట్టులా నిలబడితే సబ్బు జిడ్డు పట్టినట్టు. అప్పుడు గోరువెచ్చని మంచినీళ్లలో రెండు మూడు సార్లు జాడించి మళ్లీ చుక్క వేసి చూడండి. మెత్తదనానికీ వాసనకూ వేసే కండిషనర్ కూడా ఇలాగే పేరుకుని గుడ్డను పీల్చనివ్వదు, దీనికి వాడొద్దు. ఇంకొకటి, ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు పట్టిపెట్టి బట్టలకు వాడడం చాలా ఇళ్లల్లో ఉంది. ఆ నీళ్లు బోరు నీళ్లకంటే గడ్డువి. కనీసం ఆఖరి జాడింపు మున్సిపల్ కుళాయి నీళ్లతో చేయండి. కర్నూలులో తుంగభద్ర నీళ్లు వచ్చే ఇళ్లకు ఈ బాధ తక్కువ.

బండకేసి బాదొద్దు, బ్రష్షు పెట్టొద్దు, మెలి తిప్పి పిండొద్దు. మెలి పెట్టినచోట పీయూ పూత చీలుతుంది, అది పైకి కనపడదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి గీతలు తెలుస్తాయి. పాత తుండులో చుట్టి అదిమితే నీళ్లు పోతాయి. బ్లీచింగ్, ఇస్త్రీ రెండూ పూతకు శత్రువులే.

ఆరేసేటప్పుడు లోపలి వైపు బయటికి. పొద్దున తొమ్మిది పదింటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండలో రోజూ వదిలేస్తే ఎలాస్టిక్ సాగి, పూత పెళుసవుతుంది. ఎవరైనా చూస్తారని స్నానాల గదిలో చీర కింద దాచి ఆరేయడం ఇంకా ప్రమాదం. అంచులు ఆరతాయి, మధ్య మందపు గుడ్డ తడిగానే ఉండి వాసన పట్టి, దురద తెస్తుంది. మడతపెట్టే ముందు మధ్య భాగాన్ని అరచేతుల మధ్య నొక్కి పట్టుకోండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. ఎండకాలం పూటలో ఆరేది ముసురు రోజుల్లో రోజున్నర తీసుకుంటుంది, అందుకే రెండు కొంటే ముసుర్లో చాలవు. మూడు మంచివి కొనేంత డబ్బు చేతిలో లేకపోతే, ఆ నెలకు ప్యాడ్లతోనే గడిపి ఒక్కొక్కటిగా కొనుక్కోండి. 349 ప్యాకు ఇప్పటికే కొని ఉంటే పారేయకండి, ప్యాడ్ పెట్టి దాని మీద వేసుకోండి.