టీవీ డిష్, తుపాను బొమ్మ, ఫోన్‌లో మ్యాప్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఏడో తరగతి పిల్లలకి "కృత్రిమ ఉపగ్రహాల ఉపయోగాలు" అని వ్యాసం ఇస్తే ఒకటి సమాచారం, రెండు వాతావరణం, మూడు దారి చూపడం అని రాసేసి, చివర్లో ఇస్రోని పొగిడి ముగిస్తారు. మార్కులు పడతాయి, తప్పేం లేదు. నేను మాత్రం విశాఖలో ఉంటూ ఈ మూడింటినీ ఏళ్లుగా వాడుతున్నవాడిగా ఏది బాగా పనిచేస్తుందో, ఏది ఎక్కడ మొరాయిస్తుందో రాస్తాను. ముందే ఒక మాట చెప్పేస్తా. ఉపగ్రహం ఎంత ఎత్తులో ఉందో తెలిస్తే దాని బలమూ, బలహీనతా సగం తెలిసిపోయినట్టే.

మొదట టీవీ. మా మేడ మీద ఉన్నది డీడీ ఫ్రీ డిష్. అది చూసేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకి పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న జీశాట్-15ని. ఆ ఎత్తులో ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టడానికి పట్టే సమయమూ, భూమి తన చుట్టూ తాను తిరిగే సమయమూ ఒకటే, కాబట్టి మనకి అది ఆకాశంలో కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే డిష్‌ని ఒకసారి బిగించి వదిలేస్తే చాలు. విశాఖ నుంచి చూస్తే అది దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య, దాదాపు 66 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి కాస్త కిందుగా ఉంటుంది.

మరి వాన పడితే బొమ్మ ఎందుకు పోతుంది? డిష్‌కి వచ్చే తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లు. అంత చిన్న తరంగాలని పెద్ద పెద్ద చినుకులు మింగేస్తాయి, చెదరగొట్టేస్తాయి. ఆగ్నేయం వైపు నల్లగా కమ్ముకుందంటే మా వీధిలో చినుకు పడకముందే టీవీ ఆగిపోతుంది, ఎందుకంటే సిగ్నల్ వచ్చే దారి అటువైపు మేఘంలోంచే. దీనికి మందు లేదు కానీ కొంత ఉపశమనం ఉంది. సెట్‌టాప్ బాక్స్ మెనూలో Signal Strength, Signal Quality అని రెండు గీతలు కనిపిస్తాయి. చాలామంది మొదటిదాన్ని చూసి తృప్తిపడతారు. డిష్ ఎటో తిరిగి ఉన్నా అది నిండుగానే కనిపించొచ్చు. చూడాల్సింది రెండోది. ఎండ ఉన్న రోజు డిష్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ అది ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ బిగిస్తే మామూలు వానకి తట్టుకుంటుంది. కుండపోతకి ఎవరిదైనా పోతుంది, మెకానిక్‌ని తిట్టి లాభం లేదు.

ఇంకో వింత, మార్చిలో కొన్ని రోజులు, మళ్లీ సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో, ఆకాశం నిర్మలంగా ఉన్నా మధ్యాహ్నానికి ముందు కొద్ది నిమిషాలు బొమ్మ చెదిరిపోవచ్చు. ఆ సమయానికి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆయన రేడియో రొదలో దీని సన్నటి గొంతు వినపడదు. ఏమీ ముట్టుకోకుండా వదిలేయండి, అదే వస్తుంది.

ఇక్కడ పిల్లల వ్యాసాల్లో ఉండే ఒక వాక్యాన్ని సరిదిద్దాలి. ఫోన్ మాటలూ ఇంటర్నెట్టూ ఉపగ్రహాల ద్వారా వస్తాయని రాస్తుంటారు. విదేశాలకి వెళ్లే మాటల్లో చాలా భాగం సముద్రం అడుగున వేసిన కేబుళ్లలో వెళ్తుంది. కారణం మళ్లీ ఎత్తే. 36,000 పైకి, 36,000 కిందికి, మొత్తం 72,000 కిలోమీటర్లు పోవడానికి కాంతి వేగంతో కూడా పావు సెకను పడుతుంది, అవతలివాళ్ల జవాబు రావడానికి ఇంకో పావు. ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. టీవీ ఒకవైపు ప్రసారం కాబట్టి పావు సెకను ఆలస్యం ఎవరికీ పట్టదు.

వాతావరణం విషయానికొస్తే నేను పూర్తి మార్కులు ఇచ్చేది దీనికే, అదీ 2014 హుద్‌హుద్ తుపాను వల్ల. అంతకు ముందు ఏడాది ప్రయోగించిన ఇన్‌శాట్-3డీ కూడా 36,000 కిలోమీటర్ల దగ్గరే కూర్చుని, బంగాళాఖాతాన్ని అరగంటకోసారి బొమ్మ తీస్తుండేది. పగలు మామూలు కాంతిలో, పగలూ రాత్రీ పరారుణ కిరణాల్లో తీసేది. పరారుణ బొమ్మలో తెల్లగా మెరిసేది బాగా చల్లటి, అంటే బాగా ఎత్తుకి ఎదిగిన మేఘం. మేఘాల చుట్టలు ఎంత బిగుసుకున్నాయి, మధ్యలో కన్ను ఎంత స్పష్టంగా తెరుచుకుంది అని చూసి సముద్రం మీద గాలి వేగాన్ని లెక్కకడతారు. అక్కడ గాలి కొలిచే సాధనాలు దాదాపు ఉండవు కాబట్టి ఆ అంచనానే ఆధారం.

అక్టోబరు 12న తీరం దాటేటప్పుడు కన్ను నగరం మీదుగానే పోయింది. చెట్లు కూలగొట్టిన గాలి ఉన్నట్టుండి తగ్గిపోయింది, జనం అయిపోయిందనుకుని బయటికి వచ్చారు. బొమ్మ చూసినవాడికి తెలుస్తుంది, కన్ను చుట్టూ అవతలి గోడ కూడా అంతే మందంగా ఉందని, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుందని. అదే జరిగింది. నగరంలోని వాతావరణ రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది, పైనున్న ఉపగ్రహానికి మాత్రం ఏమీ కాలేదు, అది చూస్తూనే ఉంది. అయితే తుపాను తర్వాత కరెంటూ సెల్ సిగ్నలూ లేక ఆ బొమ్మలు మాకు చేరే దారి లేకపోయింది, అది వేరే కథ.

లోటు లేదనుకోకండి. పరారుణ బొమ్మలో ఒక్కో చుక్క దాదాపు 4 కిలోమీటర్ల మేర. అంత ఎత్తు నుంచి "మా వీధిలో వాన పడుతుందా" అనే ప్రశ్నకి జవాబు రాదు. మేఘం కనిపిస్తుంది గానీ దాని కింద నేల తడుస్తోందో లేదో నేరుగా కనిపించదు. వచ్చే రెండు గంటల కోసమైతే వాతావరణ శాఖ సైట్లో రాడార్ బొమ్మ చూడండి, రెండు రోజుల ముందు టెన్షన్‌కైతే ఉపగ్రహం బొమ్మ చాలు.

ఇక మ్యాప్. జీపీఎస్ ఉపగ్రహాలు తక్కువ ఎత్తులో, సుమారు 20,200 కిలోమీటర్ల దగ్గర, రోజుకి రెండుసార్లు భూమిని చుడతాయి. ఒక్కోటీ "నేను ఫలానా చోట ఉన్నా, నా గడియారంలో టైం ఇంత" అని చెబుతూ పోతుంది, అంతే. ఆ మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి ఫోన్ దూరం లెక్కేసుకుంటుంది. చోటు తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలు కదా, ఫోన్ నాలుగింటిని ఎందుకు వింటుందంటే దాని గడియారం నాసిరకం. మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్లు తప్పుతుంది, ఆ తప్పుని పట్టుకోవడానికే నాలుగోది.

ఫోన్ వినడమే తప్ప పైకి ఏమీ పంపదు. అందుకే అరకు ఘాట్‌లో సెల్ సిగ్నల్ పోయినా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నీలం చుక్క చక్కగా కదులుతుంది. బొర్రా గుహల్లోకి దిగితే ఆగిపోతుంది, బండరాయిలోంచి ఆ సిగ్నల్ రాదు. జగదాంబ సెంటర్ లాంటి చోట్ల చుక్క పక్క వీధిలోకి గెంతితే ఫోన్ పాడైనట్టు కాదు. సిగ్నల్ ఎత్తయిన గోడకి తగిలి చుట్టు తిరిగి వచ్చింది, ఫోన్ ఆ దూరాన్ని నిజమనుకుంది. నాలుగడుగులు ఖాళీ చోటుకి నడిస్తే సర్దుకుంటుంది.

జీపీఎస్ లాగే దారి చూపే మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంగతి అడుగుతారు. మొదటి తరం ఉపగ్రహాల్లో కొన్నిటి అణు గడియారాలు చెడిపోయాయి, గడియారం చెడితే అది దారి చూపలేదు. స్వదేశీ గడియారంతో 2023లో ఎన్‌వీఎస్-01 వెళ్లింది. 2025 జనవరిలో ఎన్‌వీఎస్-02 అంతరిక్షంలోకి చేరింది గానీ వాల్వ్ తెరుచుకోక అనుకున్న కక్ష్యకి వెళ్లలేకపోయింది. ఇంకొన్ని వెళ్లేదాకా నావిక్ ఉందని ఫోన్‌కి అదనంగా డబ్బు పెట్టొద్దు.