జాగ్రత్త: గంటల లెక్కన తరుగుదల కట్టే రెడీమేడ్ షీటు కొంటున్నారా? ముందు నెలల గడి చూసుకోండి

స్థిరాస్తుల రిజిస్టరు కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక రెడీమేడ్ ఎక్సెల్ షీటు గురించి ఈ హెచ్చరిక. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ అవసరం లేదు. ఇదే సూత్రాన్ని కాపీ కొట్టి వేర్వేరు పేర్లతో అమ్ముతున్నవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, పేరు కన్నా తప్పును గుర్తుపట్టడమే ముఖ్యం. సరళ రేఖా పద్ధతికి షీటు బాగానే పనిచేస్తుంది. యంత్రం నడిచిన గంటలను బట్టి తరుగుదల కట్టే ఉత్పత్తి యూనిట్ల పద్ధతి ఎంచుకుని, యంత్రాన్ని ఏడాది మధ్యలో కొని, ఆ తర్వాత అది దొంగతనానికి గురైతే మాత్రం తరుగుదల, పుస్తక విలువ, నష్టం, మూడూ తప్పుగా వస్తాయి. అయినా ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కలుస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఒక కంప్రెసర్ తీసుకుందాం. ఖరీదు 12,60,000. చివర్లో అమ్మితే వస్తుందనుకున్న అవశేష విలువ 60,000. మొత్తం జీవితకాలంలో 20,000 గంటలు నడుస్తుందని అంచనా. తరుగుదల కట్టాల్సిన 12,00,000ని 20,000 గంటలతో భాగిస్తే గంటకు 60. సెప్టెంబరు 1న కొన్నారు, లెక్కల ఏడాది డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ నాలుగు నెలల్లో యంత్రం 1,500 గంటలు నడిచింది. మొదటి ఏడాది తరుగుదల 1,500 × 60, అంటే 90,000. ఇక వేరే లెక్కేమీ లేదు.

షీటు చూపించేది 30,000. ఎందుకో తెలియాలంటే దాచిన వరుసలు తెరిచి సూత్రం చూడాలి:

```
=(B2-B3)/B4*C6*(D6/12)
```

B2 ఖరీదు, B3 అవశేష విలువ, B4 మొత్తం గంటలు, C6 ఆ ఏడాది నడిచిన గంటలు. ఇక్కడివరకు సరే. D6 వాడిన నెలల సంఖ్య. సరళ రేఖా పద్ధతిలో ఏడాది మొత్తానికి వచ్చే తరుగుదలను నాలుగు నెలలకు కుదించాలి కాబట్టి 4/12తో గుణిస్తారు. ఇక్కడ కుదించడానికేమీ మిగల్లేదు. యంత్రం లేని ఎనిమిది నెలలు అది నడవలేదు, ఆ సంగతి 1,500 అన్న అంకెలోనే ఉంది. దాన్ని మళ్లీ నెలలతో గుణిస్తే ఒకే కోత రెండుసార్లు కోసినట్టు.

ఈ పద్ధతిలో క్యాలెండరుకు పని పడేది ఒక్కచోటే, మీటరు చూసే తేదీ దగ్గర. ఏడాది ముగిసిన రోజే గంటల మీటరు రీడింగు రాసుకోవాలి. వారం ఆలస్యంగా చూస్తే కొత్త ఏడాది గంటలు పాత ఏడాదిలోకి జారిపోతాయి. రెండు పూటలా నడిచే యంత్రానికి వారమంటే తక్కువేమీ కాదు.

రెండో ఏడాది యంత్రం 5,200 గంటలు నడిచింది, తరుగుదల 3,12,000. ఏడాది పూర్తిగా వాడారు కాబట్టి 12/12 వల్ల షీటూ ఇదే చెబుతుంది. కొనేముందు డెమో చూసి మోసపోయేది ఇలాగే, ఎందుకంటే డెమోలో ఎప్పుడూ జనవరి 1న కొన్న యంత్రమే ఉంటుంది.

మూడో ఏడాది మే 20న కంప్రెసర్ దొంగలపాలైంది. పుస్తకాల్లోంచి తీసేసే ముందు ఆ రోజు వరకు తరుగుదల కట్టాలి. చిక్కేమిటంటే, మీటరు కూడా యంత్రంతోపాటే పోయింది. చివరిసారి సర్వీసు చేసినప్పుడు మెకానిక్ రాసిన రీడింగు, ఆపరేటర్ రోజువారీ లాగ్‌బుక్, డీజిల్ ఇచ్చిన స్లిప్పులు, ఇవే ఆధారం. మన ఉదాహరణలో మే 12న సర్వీసు కార్డు మీద 8,730 గంటలు ఉంది. ఆ తర్వాత లాగ్‌బుక్ ప్రకారం ఇంకో 70 నడిచింది. మొత్తం 8,800. అందులో గత రెండేళ్లవి 6,700 తీసేస్తే ఈ ఏడాదివి 2,100 గంటలు, తరుగుదల 1,26,000. డీజిల్ ఖర్చుతో లాగ్‌బుక్ ఒకసారి సరిచూసుకోవడం మంచిది. బీమా సర్వేయరు అడిగే కాగితాల్లో ఇవి కూడా ఉండొచ్చు, పుస్తకాల్లో ఒక గంటల లెక్క, క్లెయిములో ఇంకో లెక్క ఉంటే ఇబ్బంది.

ఇప్పుడు పోగైన తరుగుదల 90,000, 3,12,000, 1,26,000 కలిపి 5,28,000. పుస్తక విలువ 7,32,000. బీమా కంపెనీ యజమానే భరించాల్సిన ఎక్సెస్ మొత్తాన్ని మినహాయించుకుని 6,80,000 ఇవ్వడానికి ఒప్పుకుంది. నష్టం 52,000. పద్దు ఇలా ఉంటుంది: పోగైన తరుగుదల ఖాతా డెబిట్ 5,28,000, బీమా క్లెయిము రావలసిన ఖాతా డెబిట్ 6,80,000, యంత్రం పోయిన నష్టం డెబిట్ 52,000, యంత్రం ఖాతా క్రెడిట్ 12,60,000.

షీటు మూడో ఏడాదికి 5/12 వేసి 52,500 మాత్రమే తరుగుదల చూపిస్తుంది. దాని లెక్కలో పోగైన తరుగుదల 3,94,500, పుస్తక విలువ 8,65,500, నష్టం 1,85,500. అసలు నష్టానికి మూడు రెట్లకు పైగా! దీన్ని చూసిన యజమాని బీమా తక్కువ విలువకు చేయించామేమోనని బెంగపడతాడు, నిజానికి తేడా 52,000 మాత్రమే.

మూడేళ్ల ఖర్చు కూడి చూడండి. సరైన లెక్కలో తరుగుదల 5,28,000, నష్టం 52,000, కలిపి 5,80,000. షీటు లెక్కలో 3,94,500, 1,85,500, కలిపితే అదీ 5,80,000. ఖరీదులోంచి బీమా డబ్బు తీసేస్తే మిగిలేదే మొత్తం ఖర్చు, తరుగుదల ఎంత తప్పుగా వేసినా అది మారదు. అందుకే తప్పు చివర్లో తనంతట తానే కప్పుకుపోతుంది. ఫిర్యాదు చేస్తే అమ్మినవాళ్లు ఇచ్చిన జవాబు కూడా ఇదే: "మొత్తం సరిపోయింది కదండీ, ఇంకేం కావాలి?" మొత్తం సరిపోయింది, కానీ ఏ ఏడాదికి చెందింది ఆ ఏడాదిలో లేదు. మొదటి ఏడాది లాభం 60,000 ఎక్కువ చూపించారు. దొంగతనంతో సంబంధం లేని ఖర్చు 1,33,500ని దొంగతనం ఖాతాలో వేశారు.

మీ దగ్గరున్న షీటు ఏదైనా సరే, ఇలా పట్టుకోవచ్చు: పోగైన తరుగుదలను గంట రేటుతో భాగించండి. కొన్నప్పటి నుంచి నడిచిన మొత్తం గంటలు రావాలి. 5,28,000ని 60తో భాగిస్తే 8,800, మీటరుతో కలిసింది. 3,94,500ని భాగిస్తే 6,575. మీటరు 8,800 చెబుతుంటే పుస్తకాలు 6,575 అంటున్నాయంటే నెలల గుణకారం ఎక్కడో దూరిందన్నమాట. సెకండ్ హ్యాండ్ యంత్రమైతే కొన్ననాటి రీడింగు తీసేసి పోల్చాలి.

సూత్రం సరిచేయడం తేలిక. మునుపటి ఏడాది వరకు పోగైన తరుగుదల E5లో ఉందనుకుంటే:

```
=MIN((B2-B3)/B4*C6, B2-B3-E5)
```

రెండో భాగం ఎందుకంటే, అంచనా వేసిన 20,000 గంటలు దాటి యంత్రం నడిచినా పుస్తక విలువ అవశేష విలువ కంటే కిందికి పోకూడదు. మొదటి వరుసలో E5 ఖాళీగా కాక సున్నాగా పెట్టుకోండి.

షీటులో ఇంకో తప్పుంది, అది సూత్రం సరిచేసినా పోదు. యంత్రం తీసేసిన తేదీ కోసం అది డబ్బు అందిన తేదీ అడుగుతుంది. బీమా డబ్బు వచ్చేదాకా యంత్రం రిజిస్టరులోనే ఉండిపోతుంది. సరళ రేఖా పద్ధతిలోనైతే లేని యంత్రానికి తరుగుదల పడుతూ ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది. యూనిట్ల పద్ధతిలో గంటలు సున్నా, తరుగుదల సున్నా, చూసేవాళ్లకు యంత్రం ఖాళీగా ఉందనిపిస్తుంది. పని లేనప్పుడు తరుగుదల సున్నా కావడం ఈ పద్ధతిలో సహజమే. అందుకే పోయిన యంత్రం 7,32,000 విలువతో బ్యాలెన్స్ షీటులో హాయిగా కూర్చుంటుంది.

యంత్రం పోయింది మే 20న, పుస్తకాల్లోంచి పోవాల్సిందీ అప్పుడే. బీమా డబ్బుకు తేదీ వేరు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 16 ప్రకారం పరిహారం రావలసిన హక్కుగా మారినప్పుడే దాన్ని లాభనష్టాల్లో చూపాలి. డిసెంబరు 31 నాటికి కంపెనీ ఇంకా విచారణ చేస్తూ, క్లెయిము ఒప్పుకోకుండా ఉంటే, ఆ ఏడాది నష్టం మొత్తం 7,32,000. మరుసటి ఏడాది ఒప్పుకున్నాక 6,80,000 ఆదాయం. రెండేళ్ల మధ్య ఇంత ఎగుడుదిగుడు ఎవరికీ నచ్చదు, కానీ క్లెయిము ఫారం నింపినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. ఒకవేళ పరిహారం పుస్తక విలువ కన్నా ఎక్కువొస్తే అది లాభమే, అమ్మకాల ఆదాయంలో మాత్రం కలపకూడదు. షీటు కలుపుతుంది.

"కొత్త యంత్రం కొన్నారా?" అనే టిక్కు గడిని ముట్టుకోకండి. అది బీమా డబ్బును కొత్త యంత్రం ఖరీదులోంచి తీసేస్తుంది. కొత్తది 14,00,000, అవశేష విలువ 1,00,000, జీవితం 20,000 గంటలు అనుకుంటే గంటకు 65 పడాలి. టిక్కు పెడితే ఖరీదు 7,20,000 అయిపోయి రేటు 31కి పడిపోతుంది, పోయిన యంత్రం ఖాతాలో పరిహారమే ఉండదు. ఆస్తి పోవడం, పరిహారం రావడం, బదులు ఇంకోటి కొనడం వేర్వేరు సంఘటనలని, విడివిడిగా లెక్కించాలని అదే ప్రమాణం స్పష్టంగా చెబుతోంది.

ఇప్పటికే ఈ షీటుతో ఒక ఏడాది ఖాతాలు ముగించినవాళ్లకు ఒక మాట. అమ్మినవాళ్లు దీన్ని "అంచనా మార్పు"గా చూపించి ఇకముందు నుంచి సరిచేసుకోమంటున్నారు. జీవితకాలం 20,000 గంటల నుంచి 18,000కు సవరిస్తే అది అంచనా మార్పు, మిగిలిన విలువను మిగిలిన గంటలకు పంచితే చాలు. నెలలతో గుణించడం అంచనా కాదు, లెక్క తప్పు. ఆ తప్పు విలువ మీ ఖాతాల స్థాయికి చెప్పుకోదగ్గదైతే గత ఏడాది అంకెలనే సవరించి చూపాలి. ఆడిటరుకు చెప్పేటప్పుడు పాత సూత్రం ఉన్న ఫైలు, మీటరు రీడింగుల జాబితా రెండూ జతచేయండి. ఫైలులో మార్పులు చేసే ముందే ఒక నకలు దాచుకోండి.