STM32F103 టైమర్ ప్రీస్కేలర్: చాన్నాళ్లు వాడాక నా మాట

ఈ చిప్ గురించి స్పెక్స్ అన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది ఒక్క ఫీచర్ గురించే, దాని టైమర్‌లో ప్రీస్కేలర్‌కి పదహారు బిట్లు ఇచ్చారు చూడండి, అది. అంటే 1 నుంచి 65536 దాకా ఏ నంబర్‌తో అయినా క్లాక్‌ని భాగించుకోవచ్చు. ఏవీఆర్ చిప్‌లో టైమర్1 మీద ఏళ్ల తరబడి పని చేసిన వాడికి ఇది ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అక్కడ 1, 8, 64, 256, 1024, ఈ ఐదే. 8 చాలకపోతే డైరెక్ట్‌గా 64కి దూకాలి, మధ్యలో ఏమీ లేదు.

నా పనేంటంటే స్ట్రోబ్ లైట్. మోటార్ వైండింగ్ షాపుల వాళ్లకి చేసిస్తాను, పుల్లీ మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, లైట్ కొడుతూ నాబ్ తిప్పుతారు, గీత ఆగినట్టు కనపడగానే స్క్రీన్ మీద ఆర్‌పీఎం చదువుకుంటారు. (సగం స్పీడ్ దగ్గర కూడా గీత ఆగినట్టే ఉంటుంది, అందుకే పైనుంచి కిందకి తిప్పుకుంటూ రమ్మని ప్రతి ఒక్కరికీ చెప్పాల్సి వస్తుంది, అది వేరే గోల.) మామూలు ఫోర్ పోల్ మోటార్ లోడ్ మీద 1440 దగ్గర తిరుగుతుంది, అంటే సెకనుకి 24 ఫ్లాష్‌లు.

ఏవీఆర్ 16 మెగాహెర్ట్జ్‌లో దీన్ని లెక్కేస్తే 16000000ని 24తో భాగించాలి, 666666.67 వస్తుంది, అక్కడే పూర్ణసంఖ్య కాదు. 16000000లో ఉన్నవన్నీ రెళ్లూ ఐదులే, ఒక్క మూడు కూడా లేదు, 24లోనేమో మూడు ఉంది. ఇక ప్రీస్కేలర్ ఏది పెట్టినా కరెక్ట్‌గా రాదు. పైగా 8 పెడితే 83333, పదహారు బిట్లలో పట్టదు, 64కి పోతే 10417 దగ్గర ఆగిపోతాం, 65536 దాకా లెక్కపెట్టగల కౌంటర్‌లో ఆరో వంతు కూడా వాడుకోనట్టే.

ఎస్టీఎంలో 72 మెగాహెర్ట్జ్. 72000000లో తొమ్మిది రెళ్లు, రెండు మూళ్లు, ఆరు ఐదులు ఉన్నాయి. 24తో భాగిస్తే సరిగ్గా 30 లక్షలు. ఇప్పుడు ఈ 30 లక్షల్ని రెండు సంఖ్యల గుణకారంగా విడగొట్టాలి, ఒకటి ప్రీస్కేలర్, ఇంకోటి కౌంటర్ ఎంతదాకా లెక్కపెట్టి మళ్లీ మొదలవ్వాలో చెప్పే రీలోడ్, రెండూ 65536 దాటకూడదు. నేను చేసే పద్ధతి ఇది, ప్రీస్కేలర్ ఎంత చిన్నదైతే రిజొల్యూషన్ అంత ఎక్కువ కాబట్టి కింద నుంచి మొదలుపెడతాను. 3000000ని 65536తో భాగిస్తే 45.78, అంటే కనీసం 46 కావాలి. 46 నిశ్శేషంగా పోదు, 47 పోదు, 48 పోతుంది, 62500 వస్తుంది. అయిపోయింది.

```c
uint32_t n = 3000000;
uint32_t p = (n + 65535) / 65536;
while (n % p) p++;
TIM3->PSC = p - 1;
TIM3->ARR = n / p - 1;
```

PSC అంటే ప్రీస్కేలర్ రిజిస్టర్, ARR అంటే రీలోడ్ రిజిస్టర్. రెండిట్లోనూ ఒకటి తీసేయాలి, ఎందుకంటే కౌంటర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, PSCలో 47 రాస్తే 48తో భాగిస్తుంది. ఈ లూప్‌ని ఎలా ఉందో అలా కాపీ కొట్టకండి, n ప్రధాన సంఖ్య అయితే p అలా పెరుగుతూ పోయి n దగ్గరే ఆగుతుంది, అది పదహారు బిట్లలో ముక్కలై పిచ్చి విలువ పడుతుంది, ఒక హద్దు పెట్టుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా తడబడేది TIM3 ఉండే APB1 బస్ దగ్గర. ఆ బస్ 36 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది కాబట్టి టైమర్ కూడా అంతే అనుకుంటారు, కానీ బస్ డివైడర్ 1 కాకపోతే టైమర్‌కి వెళ్లే క్లాక్ రెట్టింపు అవుతుంది, అంటే మళ్లీ 72. నా దగ్గర దీన్ని కనిపెట్టడం తేలిక, 36 అనుకుని లెక్కేస్తే ఫ్లాష్‌లు రెండింతలు పడి పుల్లీ మీద ఒక గీత బదులు ఎదురెదురుగా రెండు గీతలు కనపడతాయి.

ఇంతవరకూ అంతా పెళ్లిసందడే. అసలు కథ షాపుకి ఇచ్చాక మొదలైంది. "లైట్ బానే ఉందన్నా, కానీ నాబ్ తిప్పినప్పుడల్లా గీత ఒకసారి గెంతుతోంది" అన్నాడు షాపతను. ముందు ఎన్‌కోడర్ బౌన్స్ అనుకుంటాం ఎవరమైనా. కెపాసిటర్ వేసి చూశాను, గెంతుడు అలాగే ఉంది. స్కోప్ తెచ్చి ఎల్ఈడీ లైన్ మీద పెట్టి, 1440 నుంచి ఒకేసారి 1500కి మార్చి చూశాను. 1440కి ఫ్లాష్‌ల మధ్య గ్యాప్ 41.67 మిల్లీసెకన్లు, 1500కి 40. మధ్యలో ఒక్కటంటే ఒక్క గ్యాప్ మాత్రం 42.67 ఉంది. పాతదీ కాదు, కొత్తదీ కాదు, తగ్గాల్సింది పోయి పెరిగింది!

ఆ 42.67 ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకుంటే విషయం మొత్తం దొరుకుతుంది. 1500కి 28 లక్షల 80 వేలు కావాలి, పై పద్ధతిలో ప్రీస్కేలర్ 45, రీలోడ్ 64000 వస్తాయి. 42.67 మిల్లీసెకన్లు అంటే 3072000 టిక్కులు, అది 48 ఇంటూ 64000. అంటే ప్రీస్కేలర్ పాతది, రీలోడ్ కొత్తది. ఈ చిప్‌లో PSCలో రాసింది ఎప్పుడూ వెంటనే అమల్లోకి రాదు, నడుస్తున్న పీరియడ్ అయిపోయి అప్‌డేట్ ఈవెంట్ పడ్డాకే వస్తుంది, ఈ ఆలస్యాన్ని తప్పించే బిట్ కూడా ఏదీ లేదు. ARR అలా కాదు, CR1లో ARPE బిట్ వేయకపోతే రాసిన క్షణమే పడుతుంది, రీసెట్ తర్వాత ఆ బిట్ సున్నాగానే ఉంటుంది. ఇద్దరూ కలిసి బయల్దేరాల్సిన వాళ్లు, ఒకడు బస్సెక్కేశాడు, ఒకడు ఇంకా స్టాండ్‌లోనే ఉన్నాడు.

ఇంకో ముచ్చట, రీలోడ్ తగ్గించేటప్పుడు ఇంకా ఘోరం. కౌంటర్ అప్పటికే కొత్త రీలోడ్‌ని దాటేసి ఉంటే అది ఆగదు, 65535 దాకా పోయి తిరిగి సున్నాకి వస్తుంది, ఆ కాసేపు చీకటి. చిన్న చిన్న మార్పులకి ఇది అరుదుగా తగులుతుంది, అందుకే టేబుల్ మీద టెస్ట్ చేసినప్పుడు దొరకదు.

ARPE వేస్తే రెండూ ఒకే అప్‌డేట్ దగ్గర పడతాయి, తొంభై శాతం సమస్య అక్కడితో తీరుతుంది. కానీ PSC రాసి ARR రాసేలోపు మధ్యలో అప్‌డేట్ వచ్చి పడితే మళ్లీ కలగాపులగమే, ఈసారి 45 ఇంటూ 62500, 39.06 మిల్లీసెకన్లు. దానికి అప్‌డేట్‌ని ఆపి ఉంచే UDIS బిట్ వేసి, రెండూ రాసి, మళ్లీ తీయాలి. అది కూడా చేశాను. ఆ తర్వాత ఫ్లాష్ వెడల్పు గుర్తొచ్చింది. 100 మైక్రోసెకన్ల ఫ్లాష్ కావాలంటే ప్రీస్కేలర్ 48 ఉన్నప్పుడు ఆ వెడల్పు పెట్టే CCR1లో 150 ఉండాలి, 45 ఉన్నప్పుడు 160. అంటే ప్రతి క్లిక్కుకీ మూడు రిజిస్టర్లు కలిసికట్టుగా మారాలి.

ఇక్కడే నా పొగడ్త కొంచెం వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. ఏ నంబర్ అయినా పెట్టుకోవచ్చు అనేది నిజంగా గొప్ప సౌకర్యం, ఒకసారి పెట్టి వదిలేసే పనికి. నడుస్తుండగా మార్చే పనికి మాత్రం దాన్ని ముట్టుకోకపోవడమే మేలు అని నా అభిప్రాయం. ఇప్పుడు నా లైట్లన్నిట్లో ప్రీస్కేలర్ 120 దగ్గర ఫిక్స్ చేసేశాను, ARR ఒక్కటే మారుతుంది. 120 ఎందుకంటే నాకు కావాల్సిన అతి తక్కువ స్పీడ్ 600, దానికి 72 లక్షల టిక్కులు, 65536తో భాగిస్తే కనీసం 110 ఉండాలి, దాని పైన నిశ్శేషంగా పోయే అంకెల్లో 120 బాగా కుదిరింది. 72 మెగాహెర్ట్జ్‌ని 120తో భాగిస్తే 600 కిలోహెర్ట్జ్, నిమిషానికి 3 కోట్ల 60 లక్షల టిక్కులు. దాన్ని ఆర్‌పీఎంతో భాగిస్తే రీలోడ్ వచ్చేస్తుంది, 1440కి 25000, 1500కి 24000, రెండూ ముక్క తేడా లేకుండా. ఫ్లాష్‌కి ఎప్పుడూ 60 టిక్కులే.

```c
TIM3->CR1 |= TIM_CR1_ARPE;
TIM3->PSC = 119;
TIM3->ARR = (36000000 + rpm / 2) / rpm - 1;
TIM3->CCR1 = 60;
TIM3->EGR = TIM_EGR_UG;
TIM3->SR = 0;
```

అప్‌డేట్‌ని మనమే పుట్టించే ఆ UG లైన్ మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే. అది లేకపోతే మొదటి పీరియడ్ అసలు భాగించకుండా 72 మెగాహెర్ట్జ్ మీదే పరిగెడుతుంది, ఒక ఫ్లాష్ ఎక్కువ పడుతుంది. UG వేస్తే అప్‌డేట్ ఫ్లాగ్ కూడా పైకి లేస్తుంది, ఇంటరప్ట్ వాడుతుంటే మొదట్లోనే ఒకటి దొంగగా వస్తుంది, అందుకే కింద SR క్లియర్ చేసేది. తర్వాత నాబ్ తిప్పినప్పుడు ARR లైన్ ఒక్కటి చాలు. ఇంకో లాభం, 36000000 ముప్పై రెండు బిట్లలో హాయిగా పడుతుంది. అంతకుముందు 72000000 ఇంటూ 60 అని రాస్తే 432 కోట్లు, ముప్పై రెండు బిట్ల హద్దు 429 కోట్ల చిల్లరే, చడీచప్పుడు లేకుండా పొంగిపోయి రెండున్నర కోట్లు మిగులుతుంది.

నష్టం లేదా అంటే ఉంది. 1437 లాంటి అంకెకి రీలోడ్ 25052.19 వస్తుంది, 25052తో సరిపెట్టుకోవాలి, పది లక్షల్లో ఏడెనిమిది వంతుల తేడా. 3000 దగ్గర అరటిక్కు తప్పు పడితే అది 0.12 ఆర్‌పీఎం. నా స్క్రీన్ ఒక్కో ఆర్‌పీఎం చొప్పున చూపిస్తుంది కాబట్టి నాకు చాలు. నిజం చెప్పాలంటే పాత ఏవీఆర్‌లో 1440 దగ్గర తప్పు పది లక్షల్లో 32 వంతులే, సుద్దగీత ఒక చుట్టు జారడానికి ఇరవై నిమిషాలు పైనే పట్టాలి, మోటార్ స్లిప్ అంతకంటే ఎక్కువ ఊగుతుంది. మామూలు క్రిస్టల్ తప్పు కూడా ఇరవై ముప్పై వంతులు ఉంటుంది. అంటే మోటార్ చూసేవాడికి కచ్చితమైన భాగాహారం అంత అవసరం కూడా కాదు, గెంతకుండా ఉండటం అవసరం.

మీది వేరే పని అయితే, ఉదాహరణకి టిక్కులు కూడబెట్టి గంటల తరబడి టైమ్ లెక్కపెట్టేదైతే, అప్పుడు పైన చెప్పిన 48, 62500 లాంటి జత వెతుక్కుని ఒకసారి పెట్టి వదిలేయండి, ఈ ప్రీస్కేలర్ అంత సుఖం ఇంకెక్కడా లేదు. సెకనుకి 7 సార్లు, 11 సార్లు లాంటివి మాత్రం 72 మెగాహెర్ట్జ్‌లో ఎంత వెతికినా దొరకవు, ఆ సంఖ్యలు దాని కారణాంకాల్లో లేవు, వాటికి క్రిస్టల్ మార్చుకోవడమో, రీలోడ్‌ని ఒక అంకె అటూ ఇటూ మారుస్తూ సగటు సరిచేసుకోవడమో చేయాలి. నాకు అలాంటి అవసరం పడలేదు, వైండింగ్ షాపులో ఎవరూ అడగరు కూడా.